రైల్స్ ట్యూబ్‌లో యాంటీబయాటిక్: జ్వరం తగ్గకపోయినా, ట్యూబ్ మూసుకుపోయినా

సమస్య: మాత్ర టైముకు వేస్తున్నా జ్వరం తగ్గడం లేదు

పక్షవాతంతో మంచం పట్టిన పెద్దాయనకు మూత్రంలో ఇన్ఫెక్షన్ వచ్చింది. డాక్టరు సిప్రోఫ్లాక్సాసిన్ 500 మి.గ్రా. రోజుకు రెండుసార్లు రాశారు. ఇంట్లోవాళ్ళు మాత్రను నూరి, పాలలోనో రాగి జావలోనో కలిపి, ముక్కు నుంచి కడుపులోకి వేసిన రైల్స్ ట్యూబ్‌లో పోస్తున్నారు. మూడో రోజుకీ జ్వరం అలాగే ఉంది.

కారణం: పాలు, రాగి, డబ్బా ఫీడ్ పొడులు, వీటన్నింటిలో కాల్షియం ఉంటుంది. సిప్రో దానికి అతుక్కుపోతే రక్తంలోకి చేరేది తగ్గిపోతుంది. ఐరన్, జింక్ టానిక్‌లూ, గ్యాస్‌కి వాడే యాంటాసిడ్‌లూ ఇదే పని చేస్తాయి. లీవోఫ్లాక్సాసిన్, డాక్సీసైక్లిన్‌లకూ ఈ ఇబ్బంది ఉంది.

పరిష్కారం: మాత్ర ఉదయం 8కి అయితే ఫీడ్ 7కే ఆపేయాలి. 8కి ట్యూబ్‌లో 30 మి.లీ. నీళ్ళు పోసి, మాత్రను మెత్తగా నూరి 20 మి.లీ. నీళ్ళలో కలిపి ఎక్కించాలి. గిన్నెలో పొడి మిగిలితే అంత డోసు తగ్గినట్టే. కాబట్టి కొంచెం నీళ్ళతో కడిగి అదీ పోసి, చివర మళ్ళీ 30 మి.లీ. నీళ్ళు వదలాలి. బోరు నీళ్ళలోనూ కాల్షియం ఉంటుంది కనుక స్టెరైల్ వాటర్ మేలు. ఫీడ్ మళ్ళీ 10కి. రాత్రి డోసుకూ ఇంతే. ఆగిన ఫీడ్‌ను మిగతా వేళల్లో సర్దాలి. ఇన్సులిన్ తీసుకునేవారికి ఈ మూడు గంటల్లో షుగర్ పడిపోవచ్చు, డాక్టరుకు ముందే చెప్పాలి. గుండె, కిడ్నీ జబ్బులవాళ్ళకు నీళ్ళ కొలత కూడా ఆయన్నే అడగండి.

ట్యూబ్ కొస కడుపులో కాక చిన్నపేగులో ఉంటే సిప్రో సరిగా ఒంటబట్టకపోవచ్చు, వేరే మందు అడగాలి. ఇవన్నీ సరిచేసినా జ్వరం ఉంటే యూరిన్ కల్చర్ చూడాల్సిందే, డోసు మీరే పెంచకండి.

సమస్య: మందు వేశాక ట్యూబ్ మూసుకుపోయింది, లేదా వాంతులు, కళ్ళు తిరగడం

కారణం: చాలాసార్లు నూరకూడని మాత్రను నూరి ఉంటారు. పేరు పక్కన ఓడీ, ఎస్ఆర్, ఎక్స్ఆర్, సీఆర్, ఎక్స్ఎల్ అని ఉంటే అది నెమ్మదిగా కరిగే మాత్ర. నూరితే రోజంతా విడుదల కావాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళుతుంది, పైగా దాని జిగురు ట్యూబ్‌లో పేరుకుంటుంది. చీటీలో ఓడీ అంటే రోజుకోసారి అని మాత్రమే. చూడాల్సింది స్ట్రిప్ మీద.

కడుపులో కాక పేగులో కరిగేలా ఎంటరిక్ కోటింగ్ వేసినవీ నూరకూడదు.

పరిష్కారం: మామూలు సిప్రో, లైనిజోలిడ్, మెట్రోనిడజోల్ మాత్రలు నూరవచ్చు. అమాక్సిసిలిన్-క్లావులనేట్‌కైతే డ్రై సిరప్ అడగండి, నీళ్ళతో పలచన చేసి పోయవచ్చు. అన్ని సిరప్‌లూ మంచివే అనుకోకండి: సిప్రో సస్పెన్షన్ నూనెలా చిక్కగా ఉండి ట్యూబ్‌కి అంటుకుంటుంది, దానికి మాత్రే నయం.

మూసుకుపోయిన ట్యూబ్‌లోకి 50 మి.లీ. సిరంజితో గోరువెచ్చని నీళ్ళు పోసి, మెల్లగా ముందుకూ వెనక్కూ లాగుతూ చూడండి. చిన్న సిరంజి వద్దు, ఒత్తిడి ఎక్కువై ట్యూబ్ పగలొచ్చు. తీగ అసలే దూర్చకండి. అయినా తెరుచుకోకపోతే నర్సుతో ట్యూబ్ మార్పించాలి.