మీరు అని మొదలై నువ్వులోకి జారిపోయే మెసేజ్: సమస్య - పరిష్కారం

ముందు ఈ మెసేజ్ చూడండి. మేనల్లుడు మావయ్యకి పంపినది అనుకుందాం.

"మావయ్య గారూ, నమస్తే. మీరు బయలుదేరారా? ట్రైన్ ఎక్కాక మెసేజ్ పెట్టు. కాజీపేట దాటాక కాల్ చెయ్, నేను స్టేషన్‌కి వస్తా. నీ బీపీ మందులు మర్చిపోకు."

మొదటి రెండు వాక్యాలు చక్కగా ఉన్నాయి. గారూ ఉంది, మీరు ఉంది, బయలుదేరారా అని క్రియ కూడా సరిపోయింది. మూడో వాక్యం నుంచి మావయ్య గారు స్నేహితుడైపోయాడు. రాసినవాడికి అగౌరవం చేసే ఉద్దేశం ఏ కోశానా లేదు, మొదట్లో గారూ పెట్టాను కదా, చాల్లే అనుకుని ఉంటాడు. కానీ తెలుగులో మర్యాద ఒకసారి చెప్పేస్తే మెసేజ్ అంతా సాగదు, పెద్దవాళ్ళు కర్తగా ఉన్న ప్రతి క్రియ చివరా మళ్ళీ కనిపించాలి.

ఎందుకు జారుతుంది

చిన్న మెసేజ్‌లో మనం మీరు అనే మాట వదిలేస్తాం, తెలుగులో అది మామూలే, తప్పేమీ కాదు. అయితే మీరు పోయాక గౌరవం మోసేది ఒక్క క్రియ చివరే. పైగా నువ్వు రూపంలో ఆజ్ఞ చాలా పొట్టి మాట: పెట్టు, చెయ్, చూడు, రా. స్నేహితులకి రోజంతా కొట్టేది ఇవే కాబట్టి వేలికి ముందు అవే తగులుతాయి, కీబోర్డు కూడా మనం తరచూ వాడే మాటనే ముందు చూపిస్తుంది. ఇంగ్లీషు మాట పక్కన ఉంటే ఇంకా ప్రమాదం. "కాల్ చెయ్", "ఓకే చెయ్", "షేర్ చెయ్" రాసేటప్పుడు మన దృష్టి కాల్ మీదా షేర్ మీదా ఉంటుంది, చివర్న ఉన్న చెయ్ కంటికి ఆనదు.

ఎలా సరిచేయాలి

మెసేజ్ అంతా మళ్ళీ చదవక్కర్లేదు, వాక్యం ముగిసే క్రియల దగ్గర మాత్రం ఆగండి. మధ్యలో వచ్చే ఎక్కాక, దాటాక, చూసి, వస్తే లాంటి వాటికి మీరు, నువ్వు తేడా లేదు కాబట్టి వాటిని దాటేయొచ్చు. ఆగిన చోట ఒకటే చూడాలి: ఈ పని చేసేది ఆ పెద్దాయనా? అయితే జరిగిపోయిన పనికి -ఆరు (వచ్చారు), జరగబోయేదానికి -తారు (వస్తారు), చేయమని చెప్పడానికి -అండి (చేయండి), వద్దని చెప్పడానికి -కండి (మర్చిపోకండి) ఉండాలి. తర్వాత నీ, నీకు, నిన్ను, నీతో ఎక్కడైనా దూరాయేమో చూసి మీ, మీకు, మిమ్మల్ని, మీతో పెట్టాలి. క్రియలన్నీ సరిచేసిన మెసేజ్‌లో కూడా ఒక "నీ" మిగిలిపోవడం చాలా తరచుగా చూస్తుంటాను.

పై మెసేజ్ ఇప్పుడు ఇలా అవుతుంది:

"మావయ్య గారూ, నమస్తే. బయలుదేరారా? ట్రైన్ ఎక్కాక మెసేజ్ పెట్టండి. కాజీపేట దాటాక కాల్ చేయండి, నేను స్టేషన్‌కి వస్తాను. మీ బీపీ మందులు మర్చిపోకండి."

వస్తా అన్నది తప్పు కాదు. అక్కడ కర్త నేను, దానికీ మీరుకీ సంబంధం లేదు. వస్తాను అంటే కాస్త నిదానంగా వినిపిస్తుందని మార్చాను, అంతే.

క్రియ సరిగ్గానే ఉంది, అయినా మొరటుగా ఉంది

ఇది వేరే సమస్య. "అర్థమైందా?", "తెలుసా?", "కావాలా?" అని పెద్దవాళ్ళకి పంపితే ఎందుకో విసురుగా ఉంటుంది, కానీ క్రియలో మార్చడానికి ఏమీ దొరకదు. కారణం ఏమిటంటే ఈ వాక్యాల్లో మనిషి "మీకు"లో ఉంటాడు, క్రియ అతన్ని బట్టి మారదు. మీకు తెలుసా, నీకు తెలుసా, రెండింట్లోనూ తెలుసా ఒకటే. అందుకే ఇలాంటి చోట మీకు తీసేస్తే మర్యాద మొత్తం దాంతోపాటే పోతుంది. మీకు తిరిగి పెట్టండి, లేదా చివర అండి తగిలించండి: "మీకు అర్థమైందా?", "కావాలా అండి?" వెళ్ళాలి, రావచ్చు, రాలేదు, వద్దు కూడా మనిషిని బట్టి మారవు. "ఇంకా రాలేదా?" అని ఒక్క ముక్క పంపితే అందులో మీరు లేదు, నువ్వూ లేదు. "మీరు ఇంకా రాలేదా?" అంటే సరిపోతుంది.

దీనికి ఎదురు తప్పు కూడా ఉంది. మర్యాద ఎక్కువై "మీ జ్వరం ఎలా ఉన్నారు" అని ఎవరూ రాయరు గానీ, "మీకు జ్వరం తగ్గిందా" అన్నప్పుడు తగ్గింది అనడం అమర్యాదేమో అని సందేహపడేవాళ్ళు ఉన్నారు. తగ్గింది జ్వరం, మావయ్య గారు కాదు. అక్కడ తగ్గింది అనే ఉండాలి.

అసలు చిక్కు: రారా, చెప్పరా

నియమం పాటించినా బోల్తా కొట్టేది ఇక్కడే. "రేపు రావా?" నువ్వు రూపం. దాన్ని మీరు రూపంలోకి మారిస్తే రారు + ఆ, అంటే "రేపు రారా?" వ్యాకరణం ప్రకారం తిరుగులేదు. కానీ తెరమీద చదివేవాళ్ళకి అది "రారా" అని చిన్నపిల్లాణ్ణి పిలిచినట్టు కనిపిస్తుంది. చెప్పరా, చూడరా, వినరా అన్నీ అంతే: చెప్పరు + ఆ అయినా, చెప్పు + రా అయినా రాతలో ఒకే ముక్క. మాట్లాడేటప్పుడు గొంతు పైకి లేపి ప్రశ్న అని తెలియజేస్తాం, మెసేజ్‌లో ఆ గొంతు లేదు, ప్రశ్న గుర్తు ఒక్కటే దాన్ని ఆపలేదు.

అందుకని పెద్దవాళ్ళకి ఈ రూపమే వాడకండి. "మీరు రేపు రావడం లేదా?" అనండి, "రేపు వస్తారా?" అని నేరుగా అడిగినా మంచిదే. "నాకు చెప్పరా?" బదులు "నాకు చెప్తారా?" చాలు. ఏదైనా పని అడగడానికి కూడా ఈ -తారా రూపం చాలా అనువైనది, "ఆ ఫొటో పంపండి" కన్నా "ఆ ఫొటో కాస్త పంపుతారా" అన్నది మెత్తగా ఉంటుంది.

ఎవరు వచ్చారో తెలియడం లేదు

ఇది -ఆరుతో వచ్చే చిన్న ఇబ్బంది. మీరుకీ అదే చివర, గౌరవంగా చెప్పే ఆయనకీ ఆవిడకీ అదే చివర. అత్తయ్యతో డాక్టర్ గురించి మాట్లాడుతూ "వచ్చారా?" అని పంపితే, వచ్చింది ఆవిడా డాక్టరా అన్నది తేలదు. అలాంటప్పుడు "మీరు వచ్చారా" అనో "డాక్టర్ గారు వచ్చారా" అనో పేరు పెట్టేయండి. గారు పెట్టాక మాత్రం "డాక్టర్ గారు వచ్చాడు", "అత్తయ్య గారు వచ్చింది" అని రాయకూడదు.

సరిచేయకూడని చోటు

చాలా ఇళ్ళల్లో అమ్మని, అమ్మమ్మని, కొన్ని ఇళ్ళల్లో నాన్నని కూడా నువ్వు అనే పిలుస్తారు. "అమ్మా, తిన్నావా?" అన్నదాంట్లో తప్పు లేదు, అక్కడ "తిన్నారా" అని పంపితే ఏమైందిరా నీకు అని ఫోన్ వస్తుంది. ఎదురుగా ఉన్నప్పుడు ఎలా పిలుస్తారో మెసేజ్‌లోనూ అదే. తెలంగాణ ఇళ్ళల్లో "తిన్నరా", "చెప్పుండ్రి" అని మాట్లాడేవాళ్ళు అలాగే రాయొచ్చు, అవి కూడా మీరు రూపాలే. ఒకే మెసేజ్‌లో "తిన్నరా" పక్కన "మందులు వేసుకో" ఉందంటే మాత్రం దాన్ని "వేసుకోండ్రి" చేయాలి.