పోయిన రికార్డింగులోని తాత మాటలు మళ్లీ ఎలా రాసుకున్నానంటే

పలాసలో మా తాతది జీడిపప్పు కొట్టు. పోయేముందు ఆయన చెప్పిన జాగ్రత్తలన్నీ ఫోన్‌లో రికార్డు చేశాను. ఆ ఫోన్ నీళ్లలో తడిసి పాడైంది, ఫైలు తిరిగి రాలేదు.

ఎవరినీ అడక్కముందే నాకు గుర్తున్నదంతా కాగితం మీద పెట్టాను. ముందే అడిగితే వాళ్ల మాట నా జ్ఞాపకంలో కలిసిపోతుంది. ఆ రోజు పక్కనే ఉన్న అత్త చేత విడిగా చెప్పించుకున్నాను. ఇద్దరికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తున్నది ఒక్కటే: "ఇరిసి సూడమ్మా, టప్పుమనాల." చెమ్మ పట్టిన పప్పు అలా విరగదు, మెత్తగా వంగుతుంది. ఆ ఒక్క మాటనే కొటేషన్ గుర్తుల్లో ఉంచి, మిగతాది నా మాటల్లో సారాంశంగా రాశాను.

ఒకచోట మాత్రం తేడా వచ్చింది. చిల్లర అమ్మకానికి 320 నంబరు పెట్టమన్నాడని నేను, 240 అని అత్త. ఆ నంబరు పౌండు బరువుకు గరిష్ఠంగా ఎన్ని గుండ్లు తూగుతాయో చెబుతుంది. నంబరు పెరిగేకొద్దీ గుండు చిన్నది. తాత చిల్లరకని ఉంచిన డబ్బాలోంచి 100 గ్రాములు తూచి లెక్కపెట్టాను: 68 వచ్చాయి. 240 నంబరైతే 53 దాటవు. అయినా అది ఆయన అమ్మిన సరుకుకు రుజువే గానీ, ఆ రోజు అన్న మాటకు కాదు. అందుకే "320 కావచ్చు, డబ్బాను బట్టి" అని రాసి, అత్త మాటనూ పక్కనే ఉంచాను.