మజల్ తోవ్ ఎప్పుడు అనాలి, ఎప్పుడు ఆగాలి: ఇజ్రాయెల్‌కు కొత్తగా వచ్చిన మనవాళ్లకు

నిజామాబాద్, జగిత్యాల, కరీంనగర్ వైపు నుంచి ఇక్కడికి ముసలివాళ్లను చూసుకునే పనికి వచ్చిన మనవాళ్లు షలోమ్, తోదా అనే మాటలు మొదటి వారంలోనే నేర్చుకుంటారు. ఆ తర్వాత ఎక్కువగా చెవిన పడేది మజల్ తోవ్. దీన్ని కొందరు ‘కంగ్రాట్స్’ అని, కొందరు ‘గుడ్ లక్’ అని చెబుతారు. మొదటిది సరైనదే. రెండోదాన్ని నమ్మి మాట్లాడితే మాత్రం మంచి మాట చెప్పబోయి ఎదుటివాళ్లను ఇబ్బంది పెట్టినట్టవుతుంది. నాకు జరిగింది అదే.

ముందు అర్థం చూద్దాం. తోవ్ అంటే మంచి. మజల్ అంటే ఇప్పటి మాటల్లో అదృష్టం. కానీ పాత హీబ్రూలో అది ఆకాశంలోని నక్షత్రాల గుంపు పేరు, రాశి పేరు. ఇప్పటికీ పన్నెండు రాశులను హీబ్రూలో మజలోత్ అనే పిలుస్తారు. బేత్ షెఆన్ దగ్గర బేత్ ఆల్ఫాలో 6వ శతాబ్దపు ప్రార్థనామందిరం నేల మీద రంగురాళ్లతో పొదిగిన రాశిచక్రం ఉంది. సెలవు రోజున వీలైతే వెళ్లి చూడండి. మన పంచాంగంలోని మేషం, వృషభం, తుల, వృశ్చికం అక్కడ హీబ్రూ పేర్లతో కనిపిస్తాయి. అంటే మజల్ తోవ్ మాటకు మాట అర్థం ‘మంచి నక్షత్రం’. మంచి నక్షత్రాన పుట్టాడు అనే మాట మనకు కొత్త కాదు కాబట్టి దీన్ని పట్టుకోవడం మనకు తేలికే.

పలికేటప్పుడు జ అన్నచోట ఇంగ్లీషు జెడ్ శబ్దం రావాలి. యూరప్ నుంచి వచ్చిన కుటుంబాల్లో యిడ్డిష్ తెలిసిన పెద్దవాళ్లు మొదటి అక్షరాన్ని ఒత్తి మాజెల్ తోవ్ అంటారు. రెండూ ఒకటే మాట.

ఇక జరిగిన సంగతి. నేను చూసుకునే పెద్దావిడ ఇంటికి ఒక శుక్రవారం సాయంత్రం మనవరాలు వచ్చి, తనకు నాలుగో నెల అని చెప్పింది. నేను సంతోషంతో వెంటనే “మజల్ తోవ్!” అన్నాను. ఎవరూ కోప్పడలేదు. కానీ గదిలో ఒక్క క్షణం మాట ఆగింది. పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, “ఇప్పుడు బెషాఆ తోవా అనాలి, బిడ్డ పుట్టాక మజల్ తోవ్” అని నెమ్మదిగా చెప్పింది. షాఆ అంటే గంట, ఘడియ. ‘మంచి ఘడియలో జరగాలి’ అని దాని భావం.

తేడా అంతా ఇక్కడే ఉంది. మజల్ తోవ్ జరిగిపోయిన శుభానికి చెప్పే మాట. కడుపుతో ఉన్నామె విషయంలో శుభం ఇంకా పూర్తి కాలేదు. పూర్తికాని దాన్ని అయిపోయినట్టు చెబితే దిష్టి తగులుతుందనే భయం ఇక్కడ చాలా ఇళ్లలో ఉంది. ఆ దిష్టిని ఐన్ హరా అంటారు. ఏదైనా మంచి విషయం చెప్పి వెంటనే “బ్లీ ఐన్ హరా” అని కలపడం మీరు వింటారు, అంటే ‘దిష్టి తగలకుండా’. కొందరు ముసలివాళ్లు మన అమ్మమ్మల్లాగే తూ తూ తూ అని మూడుసార్లు అంటారు కూడా. ఇదే కారణంతో చాలా కుటుంబాలు కాన్పుకు ముందు ఉయ్యాల, బట్టలు ఇంటికి తెచ్చుకోరు. అందుకే కడుపుతో ఉన్నవాళ్లకు ముందుగా బిడ్డ బట్టలు బహుమతిగా ఇవ్వకండి.

బిడ్డ పుట్టిన కబురు రాగానే మాత్రం ఆలస్యం చేయకుండా మజల్ తోవ్ చెప్పండి. తల్లిదండ్రులకే కాదు, తాతకు, అమ్మమ్మకు, మేనమామకు, అందరికీ చెబుతారు. మనలో చాలామంది మరిచిపోయేది ఇదే. మీరు చూసుకునే ముసలామెకు మునిమనవడు పుడితే ఆమెకే మొదట చెప్పాలి. మగబిడ్డ అయితే పేరేమిటని అప్పుడే అడగకండి. సాధారణంగా ఎనిమిదో రోజు సున్తీ వేడుకలోనే, దాన్ని బ్రిత్ అంటారు, పేరు బయటపెడతారు. పేరు చదివాక అక్కడున్నవాళ్లంతా మళ్లీ మజల్ తోవ్ అంటారు. మీరూ కలిసి అనొచ్చు. యూదులు కానివాళ్లు అనకూడదన్న నియమమేమీ లేదు.

పెళ్లికి పిలిస్తే ఇంకో చిన్న సంగతి గుర్తుంచుకోండి. ఖుప్పా అనే పందిరి కింద తంతు జరుగుతున్నంతసేపు ఆగాలి. చివర్లో పెళ్లికొడుకు గాజు గ్లాసును కాలితో తొక్కి పగలగొడతాడు. ఇంత సంతోషంలోనూ క్రీ.శ. 70లో కూలిపోయిన యెరూషలేం ఆలయాన్ని మరవకూడదని ఆ ఆచారం. ఆ చప్పుడు వినగానే అందరూ ఒక్క గొంతుతో “మజల్ తోవ్!” అని అరుస్తారు. మన తలంబ్రాలప్పటి సందడిలా ఉంటుంది.

జరగబోయే పనికి వేరే మాట ఉంది: బెహత్స్‌లఖా, అంటే పని విజయవంతం కావాలని. ఇంటి పిల్ల పరీక్షకు వెళ్తుంటే, కొడుకు ఇంటర్వ్యూకు వెళ్తుంటే ఇదే అనాలి. పాసైందని, ఉద్యోగం వచ్చిందని తెలిశాక మజల్ తోవ్. నిశ్చితార్థానికి, కొత్త ఇల్లు కొన్నందుకు, పుట్టినరోజుకు కూడా చెల్లుతుంది. ఆపరేషన్‌కు వెళ్లేవాళ్లకు, జబ్బుతో ఉన్నవాళ్లకు రెఫూఆ ష్లేమా, అంటే పూర్తిగా కోలుకోవాలని. పండుగలకు ఖాగ్ సమేయఖ్ అంటారు, అక్కడ మజల్ తోవ్ అతకదు. కొత్త బట్ట కట్టుకున్న మగవాడికి తిత్ఖదేష్, ఆడమనిషికి తిత్ఖద్షీ.

హోటల్లో ప్లేటు పగిలితే చుట్టూ ఉన్నవాళ్లు మజల్ తోవ్ అని అరవడం చూసి కంగారుపడకండి. మీ చేతిలో గ్లాసు జారినప్పుడు ఇంటివాళ్లు అలా అంటే అది ఎగతాళి కాదు, పోనీలే అని తేలికపరచడం. కానీ వాళ్ల వస్తువు మీ వల్ల పగిలితే మీరే ముందుగా ఆ మాట అనకండి. స్లీఖా, అంటే క్షమించండి, అని చెప్పండి.

రమత్ గన్‌లో పనిచేసేవాళ్లు అక్కడి వజ్రాల మార్కెట్‌లో “మజల్ ఉబ్రఖా” అనే మాట వినొచ్చు, ‘అదృష్టం, దీవెన’ అని. బేరం కుదిరాక ఆ మాట అన్నారంటే ఇక వెనక్కి పోవడం ఉండదు. గుజరాత్ నుంచి వచ్చిన వ్యాపారులు కూడా ఇదే మాటతో బేరం ముగిస్తారు. అక్కడా అది అయిపోయిన పనికే ముద్ర.

ఎవరైనా మీకే మజల్ తోవ్ చెబితే, ఉదాహరణకు ఊళ్లో మీ కూతురి పెళ్లి కుదిరిందని మీరు చెప్పినప్పుడు, “తోదా రబా” చాలు. పెళ్లికాని అమ్మాయిలతో “బెకరోవ్ ఎత్స్‌లేఖ్” అంటారు, త్వరలో నీ ఇంట్లోనూ అని. నొచ్చుకోవద్దు, అది దీవెనే.

ఒక్క చోట మాత్రం ఈ మాట పొరపాటున కూడా నోట రాకూడదు. చావు జరిగిన ఇంట్లో దగ్గరివాళ్లు ఏడు రోజులు ఇంటిపట్టునే కూర్చుంటారు, దాన్ని షివా అంటారు. ఆ రోజుల్లోనే ఆ ఇంటి మనిషికి ఇంకేదో మంచి కబురు వచ్చినా పైకి అభినందించకండి. చెప్పేది మగవాళ్లయితే “మిష్తతేఫ్ బెత్సఅర్‌ఖెమ్”, ఆడవాళ్లయితే “మిష్తతేఫెత్ బెత్సఅర్‌ఖెమ్” అనాలి, మీ దుఃఖంలో నేనూ ఉన్నానని. అంత పొడుగు మాట నోరు తిరగకపోతే పక్కన మౌనంగా కూర్చుంటే చాలు. ఆ ఇంట్లో దుఃఖంలో ఉన్నవాళ్లు పలకరించేదాకా మనం మాట్లాడకుండా ఉండటమే ఆచారం కూడా.