సంవర్గమాన అసమీకరణంలో గుర్తు ఎప్పుడు తిరుగుతుంది: నా అనుభవం

log₀.₅(x − 3) ≥ −2 లాంటి లెక్కకు నాకు x ≥ 7 అని వచ్చేది; x = 11 వేసి చూస్తే ఎడమవైపు −3 వస్తుంది, నిలవదు. నియమం బట్టీ పట్టడం, విలువలు ఊహించి వేయడం నాకు పనిచేయలేదు.

పనిచేసింది ఇది. ముందుగా x > 3 అని పక్కన రాసుకున్నాను, ఎందుకంటే సంవర్గమానం ధన సంఖ్యకే ఉంటుంది. తర్వాత ఆధారాన్ని 2కు మార్చాను. 0.5 అంటే 2⁻¹ కాబట్టి లెక్క −log₂(x − 3) ≥ −2 అయింది. గుర్తు తిప్పేది ఆ మైనస్సే! −1తో గుణిస్తే log₂(x − 3) ≤ 2. ఆధారం ఒకటి కన్నా పెద్దది కనుక గుర్తు ఇక కదలదు: x − 3 ≤ 4. మొదటి షరతు కలిపితే 3 < x ≤ 7.

(0.5)ˣ > 8 కూడా ఇంతే: 2⁻ˣ > 2³, −x > 3, x < −3.

ఆధారంలోనే x ఉంటే మాత్రం ఇది చాలదు. ఆధారం 0, 1 మధ్య ఉన్నప్పుడు, 1 దాటినప్పుడు విడివిడిగా చేయాలి.