ఉద్యోగ ఉత్తరాలు – 4వ పాఠం: ఫోన్‌లో వచ్చిన ఆఫర్‌కు మెయిల్‌లో జవాబు

పోయిన పాఠంలో ఇంటర్వ్యూ అయ్యాక రాసే మెయిల్ నేర్చుకున్నాం. ఈసారి హెచ్‌ఆర్ నుంచి ఫోన్ వచ్చింది. "మిమ్మల్ని తీసుకుంటున్నామండీ, నెలకు ముప్పై ఐదు వేలు, జూన్ ఒకటిన చేరాలి, సరేనా?" అని అడిగారు. మీరు సరే అన్నారు. నోటిమాటతో కుదిరిన ఒప్పందం కూడా మన చట్టం ప్రకారం చెల్లుతుంది, కానీ రేపు మాట మారితే నిరూపించడం చాలా కష్టం. అందుకే ఫోన్ పెట్టేయగానే విన్నవన్నీ కాగితం మీద రాసుకుని, ఆ రోజే మెయిల్ పంపండి.

విజయవాడలో పనిచేస్తున్న ఒకమ్మాయికి హైదరాబాద్‌లోని ఒక తెలుగు వార్తా సంస్థలో సబ్‌ఎడిటర్ ఉద్యోగం వచ్చిందనుకుందాం. ఏప్రిల్ 24న ఫోన్ వచ్చింది. ఆమె రాయాల్సిన మెయిల్ ఇలా ఉంటుంది:

> సబ్జెక్ట్: సబ్‌ఎడిటర్ ఉద్యోగం – అంగీకారం, ఆఫర్ లెటర్ గురించి
>
> మేడమ్, నమస్కారం.
>
> ఈ ఉదయం ఫోన్ చేసి సబ్‌ఎడిటర్ ఉద్యోగం ఇస్తున్నట్టు చెప్పినందుకు కృతజ్ఞతలు. మీరు చెప్పిన వివరాల మేరకు చేరడానికి నాకు సమ్మతమే. పని హైదరాబాద్ ఆఫీసులో, జీతం నెలకు రూ.35,000, చేరే తేదీ జూన్ 1 అని చెప్పారు. నేను పొరపాటుగా విని ఉంటే తెలియజేయగలరు.
>
> దయచేసి ఆఫర్ లెటర్ మెయిల్‌లో పంపగలరు. జీతం ఏయే భాగాలుగా ఉంటుందో, ప్రొబేషన్ ఎంతకాలమో, నోటీసు పీరియడ్ ఎంతో అందులో ఉంటే మేలు. ఇప్పటి ఉద్యోగంలో నేను 30 రోజుల నోటీసు ఇవ్వాలి. లెటర్ ఏప్రిల్ 29లోగా అందితే, మర్నాడే రాజీనామా ఇచ్చి జూన్ 1న చేరగలను.
>
> ఇట్లు,
> (పేరు, ఫోన్ నంబరు)

ఆ కంపెనీలో ఉత్తరాలు ఇంగ్లిష్‌లో నడిస్తే ఇదే వరసలో ఇంగ్లిష్‌లో రాయండి. ఇంటర్వ్యూకి పిలుస్తూ వాళ్లు పంపిన మెయిల్‌కే జవాబుగా పంపితే పాత సంగతంతా ఒకేచోట ఉంటుంది.

ఇందులో కీలకమైన మాట "మీరు చెప్పిన వివరాల మేరకు". ఒప్పుకున్నది దేనికో అది చెబుతుంది. ఆ వెంటనే వివరాలు రాయడం వల్ల, తప్పుంటే దిద్దే అవకాశం వాళ్లకు ఇచ్చినట్టవుతుంది, దిద్దకపోతే మీ దగ్గర ఒక ఆధారం మిగులుతుంది. ఇదే మెయిల్‌లో "38 వేలు ఇస్తే చేరతాను" అని మాత్రం కలపకండి. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 7వ సెక్షన్ ప్రకారం అంగీకారం షరతుల్లేకుండా ఉండాలి. షరతు పెడితే అది అంగీకారం కాదు, కొత్త ప్రతిపాదన. జీతం బేరం సరే అనకముందే ముగించుకోవాలి.

జీతం భాగాలు ఎందుకు అడగాలో లెక్కేసి చూద్దాం. ఫోన్‌లో చెప్పిన 35 వేలు చేతికొచ్చేదో, కంపెనీ మీ మీద పెట్టే మొత్తం ఖర్చయిన సీటీసీయో తెలియదు. సీటీసీ అయితే, బేసిక్ అందులో సగం, అంటే 17,500 అనుకోండి. కంపెనీ తన వాటాగా కట్టే పీఎఫ్ 12 శాతం, అంటే 2,100. గ్రాట్యుటీ కింద చూపేది బేసిక్‌లో 4.81 శాతం, దాదాపు 840. ఈ రెండూ పోతే 32,060. అందులోంచి మీ వాటా పీఎఫ్ మరో 2,100, తెలంగాణ వృత్తి పన్ను 200 తీసేస్తారు. చేతికొచ్చేది 29,760 దగ్గర ఆగుతుంది. కొన్ని కంపెనీలు పీఎఫ్‌ను 15,000 బేసిక్ మీదే లెక్కిస్తాయి, అప్పుడు కాస్త ఎక్కువ వస్తుంది. ఊరు మారి గది అద్దె కట్టాల్సిన మనిషికి ఈ అయిదు వేల తేడా ముందే తెలియాలి.

మెయిల్‌కి జవాబు రాకపోతే రెండు పనిదినాలు ఆగి, అదే మెయిల్ కింద "ఆఫర్ లెటర్ ఎప్పటికి పంపగలరో తెలియజేయగలరు" అని ఒక్క వాక్యం రాయండి. ఆ సాయంత్రానికీ రాకపోతే ఫోన్ చేయండి. "చేరిన రోజు ఇస్తాంలెండి" అంటే, రాజీనామాకు ఆఫర్ లెటర్ అవసరమని మర్యాదగా చెప్పండి. లెటర్ వచ్చేదాకా రాజీనామా ఇవ్వవద్దు. అది ఆలస్యమైతే చేరే తేదీ కూడా అన్ని రోజులు జరపమని అడగడం న్యాయమే. లెటర్ రాగానే మీ మెయిల్ పక్కన పెట్టుకుని జీతం, తేదీ, ఊరు సరిచూడండి. ఒక్కటి తేడా ఉన్నా సంతకానికి ముందే అడగండి.

అభ్యాసం: గుంటూరులో ఒక ప్రైవేటు స్కూలు మిమ్మల్ని అకౌంటెంట్‌గా తీసుకుంటామని ఫోన్‌లో చెప్పింది. జీతం 22 వేలు అన్నారు, చేరే తేదీ చెప్పలేదు. మీకు 15 రోజుల నోటీసు ఉంది. ఎనిమిది వాక్యాలు మించకుండా మెయిల్ రాయండి. తేదీ తెలియనప్పుడు ఏది అడగాలో ఆలోచించండి.

వచ్చే పాఠం: రాజీనామా లేఖ.