స్థిర పీడనంలో ఇచ్చిన ఉష్ణం ΔH అవుతుందా? లెక్కకు ముందు ఇలా చూసుకోండి

"స్థిర పీడనంలో ఉష్ణమే ఎంథాల్పీ మార్పు" అన్న వాక్యం ఇంటర్ చదివిన ఎవరిని అడిగినా తడుముకోకుండా చెబుతారు. లెక్క ఇస్తే మాత్రం సగం మంది తప్పు చేస్తారు. ఏళ్ల తరబడి ఇవే తప్పులు దిద్దుతున్నాను కాబట్టి నా పద్ధతి చెబుతాను.

కాగితం, పెన్సిల్, R = 8.314 చాలు. కాలిక్యులేటర్ చివర్లోనే తీయాలి.

ముందు కాగితం పైన H = U + PV అని రాయండి. ΔH = ΔU + ΔnRT తో మొదలుపెట్టేవాళ్లను నేను ఒప్పుకోను. అది వాయువుల కోసం, ఉష్ణోగ్రత మారనప్పుడు, సులువుగా ఉంటుందని చేసుకున్న రూపం. మూలం తెలియకపోతే అది ఎక్కడ చెల్లదో కూడా తెలియదు. U అంటే అణువుల కదలికలు, బంధాలు, వాటి మధ్య ఆకర్షణలు అన్నీ కలిసిన అంతర్గత శక్తి. PV అంటే ఆ పదార్థం చుట్టూ ఉన్నదాన్ని నెట్టి తనకు చోటు చేసుకోవడానికి అయ్యే ఖర్చు. ఆ ఖర్చు కూడా కలిపితే వచ్చేదే ఎంథాల్పీ.

ఇప్పుడు 18 గ్రాముల నీళ్లు, అంటే ఒక మోల్, 1 అట్మాస్ఫియర్ పీడనంలో 100 డిగ్రీల దగ్గర ఆవిరి కావాలనుకుందాం. పైన ముషలకం ఉంది, అది స్వేచ్ఛగా లేస్తుంది. ఇవ్వాల్సిన ఉష్ణం సుమారు 40.7 కిలోజౌళ్లు. నీళ్లు 20 మిల్లీలీటర్లకన్నా తక్కువే, ఆవిరి సుమారు 30.6 లీటర్లు. అంత చోటు కోసం గాలిని నెట్టడానికి అయ్యే పని RT, అంటే 8.314 × 373, సుమారు 3.1 కిలోజౌళ్లు. (ఇక్కడ 3101 అని రాసి, 40.7 లోంచి తీసేసేవాళ్లున్నారు. జౌళ్లు, కిలోజౌళ్లు చూసుకోండి బాబూ.) మిగిలిన 37.6 అణువులను విడదీయడానికి పోయింది. అదే ΔU.

ఇంతవరకూ అందరూ చేస్తారు. అసలు చిక్కు ఇక్కడి నుంచే.

అవే నీళ్లు ఒక చిన్న గాజు గొట్టంలో మూసి ఉన్నాయి. దాన్ని గాలి లేకుండా చేసిన 30.6 లీటర్ల గట్టి పాత్రలో పెట్టి, పాత్రను 100 డిగ్రీల తొట్టిలో ఉంచి, లోపలి గొట్టాన్ని పగలగొట్టారు. చివరికి ఆవిరి 100 డిగ్రీల్లో, 1 అట్మాస్ఫియర్ దగ్గర ఉంటుంది. మొదలు, ముగింపు రెండూ ముషలకం లెక్కలో ఉన్నవే. మరి తొట్టి ఎంత ఉష్ణం ఇచ్చింది? "పీడనం మొదట్లో 1, చివర 1, కాబట్టి 40.7" అని రాస్తే సున్నా మార్కులే. ఖాళీలోకి వ్యాపించిన ఆవిరి దేన్నీ నెట్టలేదు, పనేమీ చేయలేదు. ఇచ్చిన ఉష్ణం 37.6 మాత్రమే.

అయితే ΔH మారిందా? లేదు. అది మొదటి స్థితి, చివరి స్థితి మీదే ఆధారపడుతుంది కాబట్టి ఇప్పుడూ 40.7. ఉష్ణం మాత్రం దారిని బట్టి మారుతుంది. అందుకే మొదట, చివర పీడనం ఎంతో చూస్తే సరిపోదు. మార్పు జరుగుతున్నంతసేపూ బయటి నుంచి అదే పీడనం ఎదురు నిలిచిందా అని అడగాలి.

రెండో ప్రశ్న ఇంకా ఎక్కువ మందిని ముంచుతుంది: చోటు కోసం నెట్టిన పని తప్ప వేరే పని ఏదైనా జరిగిందా? ఒక మోల్ హైడ్రోజన్‌ను 25 డిగ్రీల్లో, 1 అట్మాస్ఫియర్‌లో కాల్చి ద్రవ నీళ్లుగా మారిస్తే 286 కిలోజౌళ్ల ఉష్ణం బయటికి వస్తుంది. అదే చర్యను అదే పీడనంలో ఇంధన ఘటంలో, ఏ నష్టమూ లేకుండా నడిపితే 237 కిలోజౌళ్లు కరెంటుగా పోతాయి, ఉష్ణంగా వచ్చేది 49 మాత్రమే. పీడనం స్థిరమే, ΔH కూడా అదే, కానీ ఉష్ణం ΔH కి సమానం కాదు. బ్యాటరీ, విద్యుద్విశ్లేషణ లెక్కల్లో స్థిర పీడనం అన్న మాట కనపడగానే ΔH వేసేస్తే దొరికిపోయేది ఇక్కడే.

రెండు ప్రశ్నలూ దాటితేనే q = ΔH అని రాయండి. బాంబ్ కెలోరీమీటర్‌లో మొదటి ప్రశ్నే దాటదు. అక్కడ ఘనపరిమాణం మారదు కాబట్టి కొలిచిన ఉష్ణం ΔU. దానికి ΔnRT కలిపితే ΔH వస్తుంది. నాఫ్తలీన్ మండి ద్రవ నీళ్లు వస్తే, 12 మోళ్ల ఆక్సిజన్ పోయి 10 మోళ్ల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది, Δn = −2. 25 డిగ్రీల దగ్గర మోల్‌కు తేడా 5 కిలోజౌళ్లే. Δn లెక్కలో నీళ్లను కలిపేశారంటే మాత్రం తేడా గుర్తే తారుమారవుతుంది.