పర్ఫ్యూమ్ కొనే ముందు చెన్నైలో ఉన్నోళ్ళు చూస్కోవాల్సినవి

- షాపుకెళ్ళే రోజు వాసనొచ్చే లోషన్, అత్తరు ఏవీ రాస్కోకండి, మల్లెపూలు కూడా ఆ ఒక్కరోజుకి వద్దు.

- ఓ ద ట్వాలెట్, అంటే ఈడీటీలో సెంటు నూనె సుమారు 5 నుంచి 15 శాతం, ఓ ద పర్ఫ్యూమ్, అంటే ఈడీపీలో 15 నుంచి 20 దాకా ఉంటుంది, మిగతాది ఎక్కువగా ఆల్కహాలే. కానీ ఈ లెక్క కంపెనీని బట్టి మారుతుంది, పైగా ఒకే పేరుతో వచ్చే ఈడీపీ అంటే అదే ఈడీటీ చిక్కగా చేసింది అనుకోకండి, చాలాసార్లు ఫార్ములానే వేరు. అందుకే రెండూ విడివిడిగా చూడాలి.

- ముందు పేపర్ స్ట్రిప్ మీద కొట్టి, ఆల్కహాల్ ఘాటు పోయేదాకా ఒక నిమిషం ఆగి వాసన చూడండి. మూడు నాలుగు అయ్యాక ముక్కు ఇంక పనిచెయ్యదు.

- చర్మం మీద రెండే, చేతికొకటి. మణికట్లు రుద్దకండి.

- అన్నిటికన్నా ముఖ్యం, అక్కడే బిల్లు వేయించకండి. నేను టీ నగర్లో ఎడమ చేతికి ఈడీటీ, కుడి చేతికి అదే పేరున్న ఈడీపీ కొట్టించుకుని బయటికొచ్చేశా, ఏసీలో ఈడీటీ నిమ్మ వాసనే బాగా నచ్చింది, ఎండలో గంటన్నరకే అది దాదాపు పోయింది, ఈడీపీ మాత్రం సాయంత్రానికీ ఉంది కానీ వెనిల్లా తీపి ఎక్కువై ఉక్కలో తల పట్టేసింది. ఆఫీసుకి ఈడీటీనే తీస్కున్నా, మధ్యాహ్నం ఇంకోసారి కొట్టుకుంటా.

- మీకే వాసన తెలీకపోతే పక్కనోళ్ళని అడగండి, మన ముక్కు త్వరగా అలవాటు పడిపోతుంది.